మూడో మొలతాడు

ఆ ఏడు నేను మొలతాడు రెండుసార్లు మార్చాను. గద్వాలలో మా మగ్గం గుంటలో కూర్చుంటే, నేసిన చీరను చుట్టే కర్ర కడుపుకు ఒత్తుకునేది. చెవిలో వినబడే గొంతులు ఆగడానికి దవాఖానలో ఇచ్చిన గోలీలు వేసుకుంటున్నాను. గొంతులు ఆగాయి. ఆకలి మాత్రం ఆగేది కాదు.

నన్ను ఇంటికి పిలవడం మానేసిన వీధిలో వాళ్లు దూరం నుంచే, "ఒళ్లు చేసినవ్, మందు మంచిగ పట్టింది" అనేవాళ్లు. నేనూ నమ్మాను. దవాఖానలో నర్సు నెత్తురు పరీక్షకు రమ్మంటే రెండుసార్లు ఎగ్గొట్టాను. బాగున్నవాడికి పరీక్షలెందుకని నా పొగరు.

మూడో మొలతాడు కూడా బిగిశాక వెళ్లాను. నర్సు నడుముకు టేపు చుట్టి కొలిచింది, బరువు చూసింది, మర్నాడు పరగడుపున రమ్మని నెత్తురు తీసింది. షుగరు, కొలెస్ట్రాల్ రెండూ పెరిగాయని తేలింది. గొంతులకిచ్చిన గోలీలతో ఆకలి, ఒళ్లు, షుగరు పెరగొచ్చని డాక్టరు చెప్పాడు.

"ఈ గోలీలు బంద్ చేస్త సార్" అన్నాను డాక్టరుతో.

"నీ అంతట నువ్వు బంద్ చేస్తే ఆ గొంతులు మళ్లొస్తయి. అవసరమైతే నేనే మారుస్త. షుగరు ఎక్కేది నీకు తెల్వదు, నెత్తురు చూస్తేనే తెలుస్తది."

అన్నం తగ్గించి రోజూ నడవమన్నాడు. షుగరుకు ఒక గోలీ రాశాడు. బయట నర్సు తారీఖు రాసిన చీటీ చేతిలో పెట్టి, "అన్నా, మూడు నెలలకు మళ్లా రా" అంది.

ఆ చీటీని మగ్గానికి కట్టుకున్నాను. జబ్బు చేసినప్పటి నుంచి నన్ను మళ్లా రమ్మన్న మనిషి ఆమె ఒక్కతే.