అమావాస్య వెళ్ళిన మర్నాటి బస్తాలు

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి నేను రాసిపెట్టిన ప్రోగ్రాం గురించి చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్ళు బరువెక్కుతుంది. రెండువేల ఐదో ఆరో, సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆ ముసలావిడ మొహం.

పనేమీ బ్రహ్మవిద్య కాదు. రైతు మిరపకాయల బస్తాలు తెస్తాడు, గుమాస్తా పేరు, ఫోన్ నంబరు, వచ్చిన తేదీ కంప్యూటర్లో ఎక్కిస్తాడు, ఒక్కో రైతు సరుకుకి ఒక లాట్ నంబరు వేసి రసీదు ఇస్తాడు. జాబితా అడిగితే వచ్చిన తేదీల వరుసన, పేజీకి పాతిక పేర్ల చొప్పున చూపిస్తుంది. నేను పరీక్షించినప్పుడు రోజుకొక లాట్ చొప్పున తేదీలు వేసుకున్నాను. చక్కగా పనిచేసింది. భుజం తట్టుకుని ఇంటికెళ్ళాను, వెధవని.

అక్కడి రైతుల సంగతి నాకు తెలియనిదా! అమావాస్య నాడు ఎవరూ సరుకు లోపల పెట్టరు. మర్నాడు మంచి గడియ చూసుకుని అందరూ ఒక్కసారే దిగుతారు. ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేస్తాయి. ఆ ఒక్క తేదీ మీదే నూట ఎనభై లాట్లు, అన్నీ ఒకే గదిలో.

రోహిణి కార్తెలో ఆ గదికే చల్లదనం పంపే పైపు చెడింది. బాగు చేయడానికి పదిరోజులు పడుతుందన్నారు. బస్తాలు పక్క గదికి మార్చాలి. అయితే రైతు దగ్గర లేకుండా అతని బస్తా ముట్టుకోవడం ఆ స్టోరేజీలో లేదు. అందుకని గుమాస్తా జాబితా పేజీ తర్వాత పేజీ ప్రింటు తీసి, ఫోన్లు చేస్తూ టిక్కులు పెట్టుకున్నాడు. ఆ పూట నేనక్కడే ఉన్నాను. చిలకలూరిపేట రైతొకాయన ఫోన్లో విరుచుకుపడ్డాడు.

"పొద్దున చెప్పావు కదయ్యా! మళ్ళీ ఏంటి? పనీపాటా లేదా మీకు?"

గుమాస్తా నవ్వాడు, నేనూ నవ్వాను. ఏదో పొరపాటున రెండుసార్లు చేశాడనుకున్నాను. చివర్లో లెక్క చూస్తే నూట ఎనభైకి నూట ఎనభై టిక్కులు. ఇంక అనుమానమేముంది?

పదిరోజుల తర్వాత మేనేజరు కబురు పెడితే వెళ్ళాను. వినుకొండ అవతల ఊరి నుంచి ఒక కౌలురైతు, ముసలావిడ, తన రసీదు పట్టుకుని నిలబడి ఉంది. చెడిన గదిలో ఆవిడ బస్తాలు మాత్రమే మిగిలిపోయాయి. చెమ్మకి కాయలు తెల్లగా బూజు పట్టాయి. ఏడాది పంట మొత్తం అదే.

"ఫోన్ చేశాం, ఈవిడ రాలేదు. ఆ మాటే రాసి సంతకం పెట్టించుకుంటాను," అన్నాడు మేనేజరు.

"నాకు ఎవరూ చెయ్యలేదయ్యా! మా ఊరి కొట్టు ఫోన్ నంబరే ఇచ్చా. కొట్టాయన అబద్ధమాడడు," అంది ఆవిడ.

రసీదు నంబరు కొట్టి చూశాను. లాట్ ఉంది. ఫోన్ నంబరూ ఉంది. గుమాస్తా టిక్కులు పెట్టిన కాగితాలు తిరగేశాను. ఆవిడ పేరు ఎక్కడా లేదు. చిలకలూరిపేట రైతు పేరు మాత్రం మూడో పేజీ ఆఖరున ఒకసారి, నాలుగో పేజీ మొదట్లో ఇంకోసారి.

ప్రోగ్రాం ప్రతి పేజీకీ జాబితాను మళ్ళీ కొత్తగా అడుగుతుంది. తేదీ వరుసన పెట్టమన్నానే గానీ, ఒకే తేదీ వాళ్ళలో ఎవరు ముందో నేను చెప్పలేదు. చెప్పకపోతే యంత్రం ఒక్కో పేజీకి ఒక్కోలా పేరుస్తుంది. మొదట డెబ్బై అయిదో వాడు తర్వాత డెబ్బై ఆరో వాడవుతాడు, రెండు పేజీల్లోనూ కనిపిస్తాడు. అతని బదులు ఇంకొకరు దాటిపోయిన పేజీలోకి జారి, ఎక్కడా కనిపించరు. లెక్క మాత్రం సరిపోతుంది. తేదీ తర్వాత లాట్ నంబరు వరుస కూడా చూడమని ఒక్క మాట చేరిస్తే చాలు. నిమిషం పని.

మేనేజరు కాగితం ముందుకు జరిపాడు. "వేలిముద్ర వెయ్యమ్మా."

"వద్దండి. ఆవిడ పేరు జాబితాలో పడనే లేదు. తప్పు నాది, నేనే రాసిస్తాను," అన్నాను. ఎంత అలసట వచ్చిందో ఆ మాట అనేసరికి! మేనేజరు నన్ను కొరకొరా చూసి, కాగితం నా వైపు తోశాడు.

రాస్తుంటే ఆవిడ పక్కన కూర్చుంది. ఏం జరిగిందో చెప్పమంది. ఒకే రోజు అంతమంది రావడంతో పేర్లు కలగాపులగమయ్యాయని చెప్పాను. చాలాసేపు రసీదు మీద తేదీ చూసుకుంది.

"అమావాస్య నాడే బండి కట్టమన్నాడు మావాడు. మంచిరోజు చూద్దాం ఉండరా అని నేనే ఆపా. ఆ రోజే తెచ్చుంటే నా పేరు పడేదా బాబూ?"

అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ అమావాస్య తేదీ మీద ఆవిడ పేరొక్కటే ఉండేది, ఎవరితోనూ కలిసిపోయేది కాదు.

"పడేదమ్మా."


"అయితే నేనే చేసుకున్నానన్నమాట," అంది.

కాదమ్మా కాదని ఎంత చెప్పినా వినలేదు. తప్పు నాదని నేను రాసిన కాగితం చదవడం ఆవిడకు రాదు.