రుచి చూడటం తాగడం కాదు

ఆ కాఫీ పొడి దుకాణానికి వచ్చేవాళ్లెవరూ ఆయన్ని పేరుపెట్టి పిలిచేవారు కాదు. అందరికీ ఆయన నాలుకాయన. డ్రమ్ములో వేగి దిగిన ప్రతి వాయిలోంచీ గుప్పెడు గింజలు తీసి మర పట్టేవాడు. గ్లాసులో ఆ పొడి వేసి, మరిగే నీళ్లు పోసి, మడ్డి అడుక్కి దిగేదాకా ఆగేవాడు. ఆనక చెంచాతో జుర్రుమని పీల్చి కళ్లు మూసుకునేవాడు. "మాడిందిరా, చౌకరకంలో కలిపెయ్యండి" అన్నాడంటే కలపాల్సిందే. ఆ తీర్పుకి అప్పీలు లేదు.

గల్లాపెట్టె దగ్గర కూర్చునేది వాళ్లక్క. తల్లి పోయేనాటికి తమ్ముడికి నడక కూడా రాలేదు. చంకనేసుకుని పెంచింది. పెళ్లి మాటెత్తితే "నేను వెళ్లిపోతే వీడికి అన్నం కలిపి పెట్టేదెవరు?" అని నోళ్లు మూయించింది. ఇప్పుడు వాడికి యాభై దాటాయి, బట్టతల వచ్చింది. అయినా ఆవిడ కంటికి వాడింకా పిల్లాడే.

"ఒరేయ్, రుచి చూసేవాళ్లంతా ఉమ్మేస్తారటరా. నువ్వూ ఉమ్మెయ్యొచ్చు కదా?" అని అక్క అప్పుడప్పుడూ పోరేది.

"నోటికాడ ముద్దని ఎవరైనా ఉమ్ముతారా అక్కా? పాపం కదూ!" అని నవ్వేసేవాడు. వాడి నవ్వు చూసి ఆవిడా నవ్వేసేది.

ఒకసారి పుచ్చిపోయిన పన్ను పీకించుకోవడానికి వెళ్తే, పళ్ల డాక్టరు బీపీ చూసి పన్ను ముట్టుకోనన్నాడు. నొప్పి లేదు, తలతిరుగుడు లేదు, మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. అయినా అక్క ఊరుకుంటుందా? చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి ఈడ్చుకెళ్లింది.

డాక్టరమ్మ కాసేపు కుదురుగా కూర్చోబెట్టి రెండుసార్లు చూసింది. పైది నూట డెబ్బై, కిందది నూట నాలుగు.

"అరగంటలోపల కాఫీ ఏమైనా తాగారా?"

"లేదండీ. పొద్దున్న తాగిందే."

ఆ మాట అబద్ధమని ఆయనకి తెలియదు. వచ్చేముందే మూడు వాయిలు రుచి చూశాడు. కానీ అది తాగడమా? తాగడమంటే పాలు పోసుకుని, పంచదార వేసుకుని, కాళ్లు చాపుకుని తాగడం. పక్కన కూర్చున్న అక్కకీ అనుమానం రాలేదు. ఆ దుకాణంలో పుట్టి పెరిగినవాళ్లెవరికీ రాదు.

"రోజుకి ఎన్ని కప్పులు?"

"రెండండీ" అన్నారు అక్కా తమ్ముడూ ఒక్క గొంతుతో.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "కాఫీ తాగిన కాసేపటికి బీపీ కొంత లేస్తుంది. కొన్ని గంటలకి దిగుతుంది. రోజూ తాగేవాళ్లకి అంతగా లేవకపోవచ్చు, కానీ అందరి ఒళ్లూ ఒకలా ఉండదు. మీకు అసలే ఎక్కువగా ఉంది, కాబట్టి అదుపులోకి వచ్చేదాకా ఒక్క చిన్న కప్పుతో సరిపెట్టుకోండి. రెండోదాని సంగతి తర్వాత చూద్దాం. ఇంట్లో మిషను పెట్టుకుని, తాగకముందు ఒకసారి, తాగాక అరగంటకో గంటకో మరోసారి చూసి నాకు చెప్పండి. అంకె బాగా ఎక్కువ చూపిస్తే ఆగకుండా ఫోను చెయ్యండి. బీపీకి మాత్ర రాస్తున్నాను, అది మటుకు మానొద్దు. కాఫీ తగ్గించాను కదా అని మాత్ర మానేస్తానంటే కుదరదు."

మాత్ర ఒక్కపూట కూడా తప్పనివ్వలేదు అక్క. సాయంత్రం కప్పు మానేసినప్పుడు పెద్ద త్యాగం చేసినట్టు మొహం పెట్టాడు తమ్ముడు. "నీ కోసం మానేశానే అక్కా, గుర్తుపెట్టుకో" అన్నాడు. రోజూ పొద్దున్నే, దుకాణం తెరవకముందు, కప్పుకి ముందూ తర్వాతా మిషను కట్టి చూసుకునేవారు. అంకె కొద్దికొద్దిగా దిగుతోంది. హమ్మయ్య అనుకున్నారు.

అంతలో కొత్తగా పెట్టిన పెద్ద హోటలు నుంచి ఆర్డరొచ్చింది. వాళ్లకి నచ్చే మిశ్రమం కుదిరేదాకా రకరకాలుగా కలిపి చూడాలి. నాలుకాయనకి పండగే పండగ! పొద్దుటినుంచీ చెంచా చేతిలోంచి దిగలేదు. మధ్యాహ్నం వాడి మొహం చూసి అక్క మనసు ఎందుకో కీడు శంకించింది. ఇంటికెళ్లి మిషను తెచ్చి కట్టింది. నూట ఎనభై నాలుగు, నూట పన్నెండు. ఆగి మళ్లీ కట్టినా పెద్దగా తేడా లేదు.

"మిషనుకి మతి పోయిందక్కా. ఈ డ్రమ్ము వేడికి నీకు కట్టినా అంతే చూపిస్తుంది" అని కొట్టిపారేశాడు.

ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుంది. డాక్టరమ్మకి చెప్తే ఏమంటుంది? ఆ డ్రమ్ము దగ్గరికి వెళ్లొద్దంటుంది. చెంచా ముట్టుకోవద్దంటుంది. అప్పుడు వీడేమైపోతాడు? ఆ నాలుక తప్ప వీడికి లోకంలో ఏముంది? ఇంటికెళ్లాక చూస్తే అంకె కాస్త దిగింది కూడా. చూశావా, వాడు చెప్పిందే నిజం, అని తనకి తనే సర్దిచెప్పుకుంది. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు పొద్దుటి అంకెలే చెప్పింది. "బాగానే ఉందండీ" అంది. అయ్యో తల్లీ! ప్రేమ కళ్లు కప్పేస్తే ఎంత పెద్ద అంకైనా కనపడదు కదా.

హోటలుకి సరుకు పంపే వారంలోనే, డ్రమ్ము ముందు నిలబడ్డ మనిషి చేతిలోంచి చెంచా జారిపోయింది. వంగి తీసుకోబోయి అలాగే కూలబడ్డాడు. మూతి ఒక పక్కకి వాలిపోయింది. "అక్కా" అనబోతే మాట రాలేదు.

ఆసుపత్రి వరండాలో డాక్టరమ్మ ఆవిడ పక్కన కూర్చుంది.

"మీరు చెప్పినట్టే ఒక్క కప్పేనమ్మా తాగింది. ఒట్టు" అంది అక్క.

"మరి దుకాణంలో?"

"దుకాణంలో తాగడమేమిటమ్మా, రుచి చూస్తాడంతే."

"చూసి ఉమ్మేస్తాడా?"

చెంచాలు, గ్లాసులు, వాయిలు, అన్నీ ఒక్కసారిగా అక్క కళ్లముందు తిరిగాయి. "మింగుతాడు" అంది, తనకే వినపడనంత మెల్లగా. ఆ మధ్యాహ్నం చూసిన అంకె కూడా అప్పుడు చెప్పింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. ఆవిడ కోప్పడినా బాగుండేది.

"నావల్లేనా అమ్మా?"

"కాఫీ వల్లే వచ్చిందని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. బీపీ ఎన్నాళ్లనుంచి ఉందో ఏమో. ఆ అంకె తెలిసుంటే మందు మార్చేదాన్ని. రుచి చూసి ఉమ్మెయ్యమనేదాన్ని."

"పని మానెయ్యమనేవారు కాదా?"

"ఎందుకంటానమ్మా? ఉమ్మేస్తే ఒంట్లోకి పెద్దగా పోదు కదా. నాలుకకి రుచి తెలిస్తే చాలు."

అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరు ఓదారుస్తారు? ఓదార్చాల్సినవాడు లోపల మంచం మీద ఉన్నాడు.

నెలలు గడిచాయి. తమ్ముడు ఇంటికొచ్చాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. ఎడం కాలు ఈడుస్తున్నాడు. బీపీ అదుపులోకి వచ్చింది, మింగడానికి ఇబ్బంది లేదని పరీక్ష చేసి చూశారు. "ఆయనకిష్టమైతే పొద్దున ఒక చిన్న కప్పు ఇవ్వండి. తాగకముందూ తాగాకా చూసి నాకు ఫోను చెయ్యండి" అంది డాక్టరమ్మ.

ఆ రోజు అక్క స్వయంగా డ్రమ్ము ముందు నిలబడింది. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా మేలైన గింజలు ఏరి, మాడకుండా వేయించి, అప్పటికప్పుడు మర పట్టించి ఇంటికి తెచ్చింది. చిన్న కప్పులో పోసి, మంచం పక్కన కూర్చుని, చెంచాతో నోటికందించింది. తమ్ముడు అలవాటు కొద్దీ జుర్రుమని పీల్చి కళ్లు మూసుకున్నాడు. అక్క ముందుకి వంగింది. మాడిందంటాడా? బాగుందంటాడా? ఏదైనా సరే, తిట్టినా సరే.

తమ్ముడు కళ్లు తెరిచాడు. నాలుకతో పెదవులు తడుముకున్నాడు. ఇంకో చెంచా పట్టింది. అదీ మింగి, మొహం చిట్లించి, బిడియంగా అక్క వంక చూశాడు.

"చేదుగా ఉంది... ఏం మందక్కా ఇది?"

ఆవిడ చెంచా పక్కన పెట్టి, కప్పు వాడి పెదవులకి ఆనించింది.

"బలానికిరా" అంది. "కొంచెమే ఉంది, తాగెయ్యి నాన్నా."

అక్క చెప్పింది కాబట్టి, వాడు కళ్లు గట్టిగా మూసుకుని, గటగటా తాగేశాడు.