మందుల షాపు అద్దం మీద మూడో వరుస

మా ఆయన షుగర్ రిపోర్టు మరీ బాగా వచ్చినప్పుడే నాకు అనుమానం మొదలైంది. షూటింగులో బిర్యానీ, సినిమా పూర్తయి గుమ్మడికాయ కొట్టిన రోజు స్వీటు పొట్లాలు, ఇంత మేసే మనిషికి పరగడుపు రిపోర్టు అంత చక్కగా ఎలా వస్తుంది?

కృష్ణానగర్‌లో మా ముందుగదే ఆయన టైలరింగ్ షాపు. సినిమా డ్రెస్సులతో పాటు, ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీల ఫంక్షన్ల డాన్సు బట్టలు కూడా కుట్టేవాడు. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచీ అన్నం ముట్టేవాడు కాదు. "కడుపు బరువుగా ఉందే" అనేవాడు. రిపోర్టు చేతికి రాగానే జిలేబీ తెచ్చేవాడు. పైగా పై వాటా డాన్సరమ్మాయి రోజూ పొద్దున్నే ఆ గదిలోకి వచ్చి, కాసేపుండి వెళ్ళేది. అదీ నా కడుపులో పెట్టుకుని ఊరుకున్నాను.

ఒక సాయంత్రం మాత్రల కోసం ఇద్దరం మందుల షాపుకు వెళ్ళాం. అద్దం మీద కొత్త కాగితం అంటించి ఉంది.

"జర చదువు అన్నా, షుగర్ ఉన్నోళ్ళ కోసమే పెట్టిన" అన్నాడు షాపతను.

మా ఆయన ఒక్క చూపు చూసి, "అంతా వ్యాపారమేనండి" అన్నాడు.

నేను చదివాను. అన్నం తగ్గించి కూరలు, పప్పు పెంచండి, వేళకు తినండి. రెండో వరుస: పరగడుపు పరీక్ష ఒక్కటే చాలదు, మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష కూడా చేయించండి.

"అంటే రెండు రోజుల పథ్యం ఇందులో చెల్లదా?" అని అడిగాను.

"యాడ చెల్తదక్కా? మూడు నెలల సంగతి మొత్తం బయటపడ్తది."

దొరికాడు దొంగ అనుకున్నాను. మా ఆయన చిరాగ్గా, "చదివావులే. మూడోది కూడా అదే సోది, తీపి మానమని" అన్నాడు.

మూడో వరుసలో తీపి మాటే లేదు. కళ్ళు, పాదాలు ఏడాదికోసారి డాక్టరుకు చూపించండి అని ఉంది.

"ఇటు రండి, పైకి చదవండి" అన్నాను.

ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరకు వెళ్ళాడు. చాలాసేపు నిలబడి, "వెలుతురు లేదే ఇక్కడ" అన్నాడు. ట్యూబులైటు సరిగ్గా ఆయన నెత్తి మీదే వెలుగుతోంది.

"పై వాటా అమ్మాయి రోజూ ఎందుకొస్తోంది?" అని అడిగాను.

"సూదుల్లోకి దారం ఎక్కించి పెడుతుంది. చూపు తగ్గిందని తెలిస్తే నాకు పనెవరిస్తారే?"

సగటు పరీక్షలో షుగర్ బాగా ఎక్కువ వచ్చింది. కంటి డాక్టరు లోపలంతా చూసి, షుగర్ వల్ల కంటి వెనక రక్తనాళాలు పాడయ్యాయన్నాడు. లేజర్ పెట్టి, తిండి అదుపులో ఉంచుకుంటే ఉన్న చూపు నిలబెట్టుకోవచ్చు, పోయింది మాత్రం రాదన్నాడు.

ఇప్పుడు పొద్దున్నే సూదుల్లోకి దారం నేనే ఎక్కిస్తాను.