వానాకాలపు ముఖంతో చలికాలం

మా వదినలో వంకలు వెతకడం ఆడపడుచుగా నా హక్కు. మొగుడితో పడక అన్నయ్య ఇంటికి వచ్చి చేరినా ఆ హక్కును మాత్రం వదులుకోలేదు. వంటలో ఉప్పు దగ్గర్నుంచి చీర కుచ్చిళ్ల దాకా అన్నిట్లో వంక దొరికేది. ముఖంలో మాత్రం దొరికేది కాదు. యాభైకి దగ్గర పడుతున్నా ఆ బుగ్గల నునుపు చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ నునుపే ఆమె ఉద్యోగం. మేమిద్దరం పనిచేసేది ఒకే షాపులో. లోపలికి అడుగుపెట్టగానే సబ్బులు, క్రీములు అమ్మే గాజు కౌంటర్ ఉంటుంది, అక్కడ ఆమె. దానికి ఎదురుగా బిల్లులు కొట్టే చోట నేను. పని మొదలైన దగ్గర్నుంచి ఆమె ముఖం నాకు ఎదురుగానే ఉండేది. షాపులో అందరూ ఆమెను క్రీమక్క అనేవారు. కొనేవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. "క్రీమక్కా, మా అమ్మాయికి నుదుటి మీద పొక్కులు" అంటూ ఎవరో ఒకరు ఆమె చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసలాడని పూట ఉండేది కాదు.

వానలు మొదలైతే గాలి తడిగా ఉంటుంది, చెమట, జిడ్డు ముఖం మీదే పేరుకుంటాయి, అందుకని నురగ వచ్చే ఫేస్‌వాష్, పల్చటి జెల్ మాయిశ్చరైజర్ చాలని చెప్పేది. మొటిమలు వచ్చేవాళ్లకు సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది ఇచ్చేది. చలికాలం రాగానే మాట మార్చేది. పొడిగాలి చర్మంలోని నీటిని లాగేస్తుంది కాబట్టి నురగ మానేయాలి, పాలలాంటి క్లెన్సర్‌తో కడుక్కోవాలి, వేడినీళ్లు కాకుండా గోరువెచ్చటి నీళ్లు వాడాలి, తడి పూర్తిగా ఆరకముందే గట్టి క్రీము పట్టించాలి. ముడతలు తగ్గడానికి రెటినాల్ లాంటివి రోజూ రాసుకునేవాళ్లు వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గించుకోవాలి. ఎండ మెత్తగా ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానకూడదు. బిల్లులు కొడుతూ ఇవన్నీ వినీ వినీ నిద్రలో లేపినా అప్పజెప్పగల స్థితికి వచ్చాను.

కానీ ఆమె వాడేది వేరు. వానలు వెనకపట్టగానే షాపులో ఒక రోజు గాజు అరలన్నీ ఖాళీ చేస్తారు. నురగలు, జెల్‌లు లోపలికి, చలికాలపు క్రీములు బయటికి. కొనేవాళ్లు చేతిమీద రాసి చూసుకోవడానికి మూత తీసిన సీసాలు ఉంటాయి కదా, టెస్టర్లు, వాటిని కంపెనీ వెనక్కి తీసుకోదు. అవి కౌంటర్ వాళ్లే పంచుకుంటారు. కొత్తగా అరల్లోకి వచ్చినవాటిని ముట్టుకోవడానికి వీల్లేదు, అవి అమ్మకానికి. దాంతో మా వాళ్ల ముఖాలు ఎప్పుడూ ఒక కాలం వెనకే నడిచేవి. చలికాలంలో వానాకాలపు నురగ, వానాకాలంలో చలికాలపు జిడ్డు. నేనెప్పుడైనా వేళాకోళం చేస్తే వదిన, "ఊరికే వచ్చేదానికి కాలం చూస్తారా?" అని నవ్వేసేది.

ఇన్నేళ్లూ అది చెల్లిపోయింది. ఈసారి పంచుకున్నవాటిలో ఘాటైనవి పడ్డాయి. సాలిసిలిక్ ఫేస్‌వాష్, చర్మం పై పొరను వొలిచే యాసిడ్ సీరం, రెటినాల్. మూడూ వదిన వాటాకే వచ్చాయి, పెద్దది కదా అని మర్యాద చేశారు. పైగా అప్పుడే మేనేజర్ కబురు చెప్పాడు. పాత గాజు కౌంటర్ తీసేసి, పెద్ద అద్దం, దీపాలు, కుర్చీ వేసి సలహాల కౌంటర్ ఒకటి పెడుతున్నారట. కంపెనీ నుంచి ఒక మేడమ్ వచ్చి క్రీమక్కనో, ఆమె పక్కన నిలబడే కొత్తమ్మాయినో ఎంచుతుందట. మిగిలినామె కింద నేలమాళిగలో ప్యాకింగ్‌కి.

వదిన ముఖానికి పదును పెట్టడం మొదలుపెట్టింది. పొద్దున నురగ, రాత్రి యాసిడ్, దానిమీదే రెటినాల్. కొద్దిరోజులకే ముక్కు పక్కన పొట్టు లేచింది.

"వదినా, ఏంటా తెల్లగా?"

"పాత తోలు పోతోంది. మందు పనిచేస్తోందన్నమాట."

కౌంటర్ దగ్గర ఎవరైనా ఆ మాటంటే ఈమే కసురుకునేది. పొట్టు లేచి, ముఖం బిగుసుకుపోయి, మంట పుడితే అది మందు పనిచేయడం కాదు, చర్మం దెబ్బతినడం అని ఎంతమందికి చెప్పిందో నా చెవులకు తెలుసు. తన ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏమైపోయిందో! భయం ముందు ఏ తెలివీ నిలవదు కాబోలు. పొట్టు పోవాలని ఇంకాస్త యాసిడ్ రాసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. నీళ్లు తగిలినా మంటే. ఫౌండేషన్ వేసుకుంటే పాత గోడమీద సున్నంలా పెచ్చులు పెచ్చులుగా నిలబడింది. కొనేవాళ్లు ఆమెను దాటి కొత్తమ్మాయి దగ్గరికి పోవడం నేను బిల్లుల దగ్గర్నుంచి చూశాను. నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు.

నేనే బలవంతంగా ఆసుపత్రికి లాక్కెళ్లాను. చర్మం డాక్టరమ్మ దీపం వేసి చూసింది, ఏమేం వాడుతోందో అడిగింది. విన్నాక కళ్లజోడు తీసేసింది.

"ఇవన్నీ ఇవాళే ఆపేయండి. నురగ రాని మెత్తటి క్లెన్సర్, చర్మం పొరను నిలబెట్టే సెరమైడ్‌లు ఉన్న గట్టి క్రీము, పగలు సన్‌స్క్రీన్. అంతే. యాసిడ్, రెటినాల్, మేకప్ ఏవీ వద్దు."

"ఎప్పటికి తగ్గుతుందమ్మా?"

"మంట ముందు తగ్గుతుంది. చర్మం పూర్తిగా కోలుకోవడానికి నెలా నెలన్నర పట్టొచ్చు. ఈ వయసులో ఒళ్లే పొడిబారుతుంది. మీరు వెనకటిలా వాడితే ఇప్పుడు తట్టుకోదు."

"నెలన్నరా? పది రోజుల్లో నన్ను చూడ్డానికి వస్తున్నారు!"

డాక్టరమ్మ పెళ్లిచూపులనుకున్నట్టుంది, నా వైపు చూసింది. వదిన ఆమె చేయి పట్టుకుంది. "స్టిరాయిడ్ క్రీము ఏదో ఉంటుంది కదా, రెండు రోజుల్లో ఎరుపు లాగేస్తుంది. అదొక్కటి రాసివ్వండి. కాళ్లు పట్టుకుంటాను."

"ముఖానికి దాన్ని అలవాటు చేసుకుని, మానలేక ఏడుస్తూ వచ్చేవాళ్లను రోజూ చూస్తున్నాను. మీకు ఇప్పుడు అది అక్కర్లేదు. నేను రాయను."

బయటికొచ్చి మెట్లమీద కూలబడింది. "కిందికి పంపితే పంపనీలే వదినా, ఉద్యోగమేం పోవట్లేదు కదా" అన్నాను. అంతే, నామీద విరుచుకుపడింది.

"నీకేం తెలుసు? మన ఇంట్లో నన్నడిగి ఎవరైనా ఒక్క పని చేశారా? మీ అన్నయ్య చొక్కా కొనేటప్పుడైనా నన్నడిగాడా? నువ్వడిగావా? అక్కడ అడుగుతారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి, ఏం చేయమంటావక్కా అని అడుగుతారు. కిందికి పోతే అట్టపెట్టెలు అడుగుతాయా?"

నోటి దురుసుకు పేరుపడ్డదాన్ని, చేయి పట్టుకుని ఆమెను మెట్లమీంచి లేపాను. ఆమె చెప్పింది నిజం.

ఆ రోజు నుంచి వదిన డాక్టరమ్మ చెప్పినట్టే చేసింది. మెత్తగా కడుక్కునేది, తడిమీదే క్రీము అద్దుకునేది, ఇంకేమీ ముట్టుకునేది కాదు. ముందు మంట తగ్గింది. తర్వాత ఎరుపు కొంచెం పలచబడింది. అన్నయ్య కూడా గమనించి, "ఇవాళ బాగున్నావే" అన్నాడు, ఎన్నాళ్లకో. మా ముగ్గురికీ ఆశ పుట్టింది. అన్నిటికంటే చెడ్డది అదే.

మేడమ్ వచ్చే రోజు పొద్దున్నే వదిన అద్దం ముందు నిలబడింది. ఎరుపు చాలావరకు పోయింది. గడ్డం మీద, ముక్కు పక్కన సన్నటి పొట్టు మాత్రం మిగిలింది. నేను జడ వేసుకుంటూ, "కనబడట్లేదు, రా పోదాం" అన్నాను. ఆమె వస్తున్నానంటూ బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుంది. ఎంతకీ రాదు. తలుపు కొట్టాను. తీసేసరికి చేతిలో యాసిడ్ సీరం సీసా.

"పొట్టు ఒక్కటి పోతే చాలనుకున్నాను" అంది. "ఒక్కసారే కదా అని."

అప్పుడప్పుడే మానుతున్న చర్మం మీద యాసిడ్! బుగ్గలు నా కళ్లముందే ఎర్రగా కందిపోయాయి. చల్లటి నీళ్లతో కడిగాం, క్రీము పెట్టాం. ఆ క్రీముకే కెవ్వుమంది. కళ్లనుంచి నీళ్లు కారి బుగ్గల మీద పడితే వాటికీ మంట. ఏడవడానికి కూడా లేకుండా తల వెనక్కి వాల్చి కూర్చుంది. నాకు ఆ సీసాను గోడకేసి కొట్టాలనిపించింది. ఆమెనూ రెండు పీకాలనిపించింది. కొంగుతో విసురుతూ కూర్చున్నాను.

"మానేయ్, ఒంట్లో బాలేదని చెప్తాను" అన్నాను.

"రాకపోతే ఎలాగూ కిందికే. వస్తాను."

వచ్చింది. ఆ ముఖంతోనే, మేకప్ లేకుండా. మేడమ్ కొత్త కుర్చీలో కూర్చుని కొనడానికి వచ్చినదానిలా ప్రశ్నలు వేసింది. వదిన ఒక్కటీ తప్పు చెప్పలేదు. కొత్తమ్మాయి రెండు చోట్ల తడబడింది కూడా.

చివరికి మేడమ్, "యాసిడ్, రెటినాల్ చలికాలంలో ఎలా వాడమని చెప్తారు?" అని అడిగింది.

"రెండూ ఒకే రాత్రి వద్దని చెప్తానండి. మంట పుడితే రెండూ ఆపేయమంటాను. తగ్గుతున్నప్పుడు మళ్లీ తొందరపడి ముట్టుకోవద్దంటాను" అంది వదిన.

మేడమ్ చెడ్డ మనిషి కాదు, జాలిగానే చూసింది. "మీరు చెప్పినవన్నీ సరైనవే. కానీ మీ ముఖం చూసి ఎవరు కొంటారండీ?"

మర్నాటినుంచి వదిన నేలమాళిగకు వెళ్లింది. దీపం వెలుగులో అట్టపెట్టెలకు టేపు వేసే పని. నేను భోజనానికి కిందికి దిగేదాన్ని, పెట్టెల మీద కూర్చుని తినేవాళ్లం. అక్కడ ఆమెను ఎవరూ చూడరు కాబట్టి ముఖానికి ఏమీ రాసుకోవాల్సిన తొందర లేదు. మెత్తటి క్లెన్సర్, గట్టి క్రీము, అంతే. చలి తగ్గేసరికి బుగ్గలు మళ్లీ నునుపుదేలాయి. మేనేజర్ ఒకరోజు మెట్లమీద చూసి, "అరె, క్రీమక్కా, బాగైపోయిందే!" అన్నాడు. పైకి రమ్మని మాత్రం అనలేదు. పైన కుర్చీలో కొత్తమ్మాయి కుదురుకుంది.

ఆ కొత్తమ్మాయే ఒక మధ్యాహ్నం మేం తింటుండగా కిందికి వచ్చింది. చున్నీతో సగం ముఖం కప్పుకుని ఉంది. తీసి చూపించింది. ముక్కు పక్కన పొట్టు, బుగ్గలు ఎర్రగా, బిగుసుకుపోయి మెరుస్తున్నాయి.

"కొత్త సీరం రోజూ వాడి చూపించమన్నారక్కా కంపెనీవాళ్లు. నీళ్లు తగిలినా మండుతోంది. ఏం చేయమంటావు?"

వదిన చేతిలో ముద్ద ఆగింది. ఎన్నాళ్లకో ఎవరో ఆమెను అడిగారు. చేయి కడుక్కుని ఆ పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"అన్నీ ఆపెయ్. మెత్తటి క్లెన్సర్, గట్టి క్రీము, సన్‌స్క్రీన్. మేకప్ కూడా వద్దు. నెలన్నర ఓపిక పట్టు."

"నెలన్నర ఈ ముఖంతో కూర్చుంటే పైన ఉంచుతారా అక్కా?"

నేను తల దించుకున్నాను. వదిన అబద్ధం చెప్తుందేమో, చెప్తే బాగుండుననిపించింది.

"ఉంచరు" అంది వదిన. "అయినా ఆపెయ్."

ఆ పిల్ల చున్నీ మళ్లీ ముఖం మీదికి లాక్కుంది. ఒక్కో మెట్టూ ఎక్కి కౌంటర్ దగ్గరికి వెళ్లిపోయింది. నేను బిల్లుల దగ్గరికి చేరేసరికి అద్దం ముందు కూర్చుని బుగ్గల మీద ఫౌండేషన్ అద్దుకుంటోంది.