తొడ కండలోని పాలిపోయిన పోగులు

కాలేజీ రోజుల్లో నేను రెండు వందల మీటర్లు పరిగెత్తేదాన్ని. పెళ్లయి, కూతురు పుట్టి, డుంబ్రిగుడ దగ్గర గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిగా చేరేసరికి పరుగు ఈల ఊదడం దాకా వచ్చి ఆగిపోయింది. పిల్లలు దూరపు పరుగు సాధన చేస్తూ గుట్ట ఎక్కుతుంటే, నేను వెనక స్కూటీ మీద వెళ్తూ "ఓపిక పట్టండి, ఆగకండి" అని అరిచేదాన్ని.

మా హాస్టల్లో వంట చేసే అక్క ఒకరోజు రోడ్డు పక్కన ఎదురైంది. కొండ అవతల ఊరి నుంచి రోజూ నడిచే వచ్చేది. నలభై దాటిన మనిషి. నెత్తిన అడ్డాకుల మోపు, ముఖాన చెమట చుక్క లేదు.

"ఏటి టీచరమ్మా, గుంటలు ఆయాసపడతా ఎక్కుతన్నారు, నువ్వేమో బండి మీద కూకుని ఈలేత్తన్నావు. నువ్వు పరిగెట్టవేటి?"

పిల్లలు నవ్వారు. నాకు మండింది. "నాది చిన్న పరుగుల ఒళ్లక్కా. పుట్టుకతోనే కండలు అలా ఉంటాయి. దూరాలు నా వల్ల కాదు" అన్నాను. అది ఊరికే అన్న మాట కాదు. నిజంగా నమ్మిన మాట. అదే నమ్మకంతో బడి తెరిచిన మొదటి వారంలోనే పిల్లల్ని రెండు వరసలుగా విడదీసేదాన్ని: వీళ్లు వేగానికి, వీళ్లు దూరానికి. ఆ తర్వాత వరస మార్చేదాన్ని కాదు.

ఆ ఏడాదే విశాఖ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. వైద్య కళాశాలలో ఫిజియాలజీ చెబుతుంది. కొండ మీది పెద్దవాళ్ల కండరాల మీద పరిశోధన. తొడ బయటి వైపు మత్తు సూది ఇచ్చి, లావుపాటి సూదితో బియ్యపు గింజలంత కండ తీసి, అక్కడికక్కడే గడ్డకట్టించి పట్టుకెళ్తుంది. తెలుగులో రాసిన అంగీకార పత్రం చదివి వినిపించింది. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చంది. ముందు నేను సంతకం పెట్టాను. వంట అక్క కూడా పెట్టింది, "నా కండలో ఏటుందో నానూ సూత్తాను" అంటూ. అరకు ఆసుపత్రిలో ఒకే ఉదయం ఇద్దరికీ తీశారు. సూది లోపలికి దిగినప్పుడు నొప్పి కాదు, ఎవరో కండను బలంగా నొక్కిపట్టినట్టు అనిపించింది. రెండు రోజులు కుంటుతూ నడిచాను.

కొన్ని వారాల తర్వాత డాక్టరమ్మ మైక్రోస్కోపుతో మా బడికే వచ్చింది. సైన్సు గదిలో కిటికీ పక్కన పెట్టి, నన్నూ వంట అక్కనీ పిలిచింది.

"ఇది మీది" అంది.

రంగు వేసిన కండ అడ్డకోత పలకలు పరిచిన గచ్చులా ఉంది. కొన్ని పలకలు నల్లగా, కొన్ని తెల్లగా, కొన్ని మధ్యరకంగా. నల్లనివి నిదానపు పోగులని, వాటిలో ఆక్సిజన్‌తో కొవ్వునీ చక్కెరనీ మండించే ఎంజైములు ఎక్కువని, అందుకే అవి గంటల తరబడి అలసిపోవని చెప్పింది. తెల్లనివీ మధ్యరకంవీ వేగపు పోగులు. తెల్లవి వేగంతో పాటు కాస్త ఓపిక కూడా ఉన్నవి. మధ్యరకంవి అన్నిటికన్నా వేగమైనవి. అవి ఎక్కువగా ఆక్సిజన్ లేకుండానే చక్కెరను విరిచేస్తాయి, అందుకే తొందరగా చేతులెత్తేస్తాయి. నా కండలో ఆ మధ్యరకంవి బోలెడు.

నాకు గర్వంగా అనిపించింది. "చూశారా, నేను చెప్పలేదూ? చిన్న పరుగుల ఒళ్లు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "మీరు పరిగెత్తే రోజుల్లో ఇవి ఇన్ని ఉండి ఉండవు. గట్టిగా సాధన చేసేవాళ్లలో, చిన్న పరుగులవాళ్లలో కూడా, ఈ రకం తగ్గి ఓపికున్న వేగపు రకంలోకి మారుతుంది. మానేస్తే మళ్లీ పెరుగుతుంది. ఇవి మీ ప్రతిభకు గుర్తు కాదండీ. కూర్చోవడానికి గుర్తు."

ఆవిడ ఇంకో గాజు పలక పెట్టింది. అది వేరే రంగు, ఆక్సిజన్‌తో పనిచేసే ఎంజైము ఉన్నచోటల్లా ఊదాగా కనబడే రంగు. నా పోగులు చాలావరకు పాలిపోయి ఉన్నాయి. పక్కన వంట అక్కవి ముదురు ఊదా, నేరేడు పండ్లు చితికినట్టు.

అక్క కన్ను పెట్టి చూసి "నాదే నల్లగుంది" అంది సంబరంగా.

"అక్క పుట్టుకతోనే అలాగా?" అడిగాను.

"కొంత పుట్టుక, కొంత రోజూ ఎక్కే కొండ. ఏది ఎంతో ఈ ఒక్క ముక్క చూసి చెప్పలేను. కానీ ఎంజైములు మాత్రం సాధనకు బాగా లొంగుతాయి. వేగపు పోగు నిదానపు పోగుగా మారడం చాలా అరుదు. వేగపు పోగుకు ఓపిక నేర్పడం కష్టం కాదు."

ఆ సాయంత్రం స్కూటీ తాళం మా ఆయన చేతిలో పెట్టేసి, ఇంక ఇది నాకు ఇవ్వొద్దన్నాను.

మర్నాటి నుంచి తెల్లవారుతూనే అక్క ఊరి వైపు వెళ్లేదాన్ని. ఆవిడ నడిచే దారినే నేను పరుగు. మొదటి రోజు రెండు కిలోమీటర్లకే రాజ్మా చేను గట్టు మీద కూలబడి కక్కుకున్నాను. ఎదురొచ్చిన అక్క పక్కన నిలబడి "బేగి పోవాలని సూడకు. మాటాడతా రావాల" అంది. డాక్టరమ్మ చెప్పిందీ అదే: మాట్లాడగలిగేంత నిదానంగా, ఎక్కువసేపు. చిన్న పరుగులు పరిగెత్తినదానికి నిదానం పెద్ద శిక్ష. నెల తిరిగేసరికి నాలుగు కిలోమీటర్లు ఆగకుండా వచ్చాను. వలిసె పూలు పసుపచ్చగా విరిసే నాటికి ఎనిమిది. వారానికి రెండు రోజులు కాఫీ తోటల మధ్య నిటారుగా ఉన్న బాట మీద గట్టిగా ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కేదాన్ని. పొగమంచులో చొక్కా తడిసి ముద్దయ్యేది. వానలో ఒకరోజు మానేద్దామనుకున్నాను. కిటికీలోంచి చూస్తే తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకుని అక్క వచ్చేస్తోంది. బూట్లు కట్టుకున్నాను.

ఆరు నెలలకు డాక్టరమ్మకు రెండో ముక్క ఇచ్చాను. ఈసారి నల్ల పలకలు దాదాపు అన్నే ఉన్నాయి. ఆ చిన్న తేడా సూది ఎక్కడ దిగిందన్న దాన్ని బట్టి కూడా వస్తుందని ఆవిడ నిజాయితీగా చెప్పింది. కానీ మధ్యరకంవి బాగా తగ్గి, తెల్లవి పెరిగాయి. ఊదా రంగు వేసిన గాజు పలకలో వేగపు పోగులు కూడా ముదిరాయి. మైటోకాండ్రియాలోని ఇంకో ఎంజైమును విడిగా కొలిచింది, అదీ పెరిగింది. పోగుల చుట్టూ సన్నటి రక్తనాళాలు కూడా ఎక్కువయ్యాయి.

"మీ నిదానపు పోగులు పెద్దగా పెరగలేదు. ఉన్నవాటిని పనిలో పెట్టారు" అంది.

ఆ చలికాలం అరకులో మహిళలకు పది కిలోమీటర్ల కొండ పరుగు పెట్టారు. అక్క పేరు నేనే రాయించాను. ఏడో కిలోమీటరు దాకా ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. ఎత్తు మొదలయ్యాక ఆవిడ నన్ను దాటి వెళ్లింది, చీర దోపుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని. నా తొడలు మండాయి, ఊపిరి ఎగిసింది, అయినా కాళ్లు ఆడుతూనే ఉన్నాయి. ఒక్క అడుగు కూడా నడవలేదు. అక్క మూడో స్థానంలో వచ్చింది. నేను ఇరవై ఎనిమిదో స్థానంలో. గీత దగ్గర నన్ను చూసి "వచ్చీసావా!" అని వీపు మీద ఒక్కటిచ్చింది.

తర్వాతి వారం మైదానంలో వంద మీటర్లు పరిగెత్తి చూసుకున్నాను. ఏడాది క్రితం పిల్లలకు చూపించడానికి పరిగెత్తినప్పటి కన్నా కాస్త ఎక్కువ సమయం పట్టింది. బాధేసింది కానీ ఎక్కువసేపు నిలవలేదు.

మళ్లీ బడి తెరిచినప్పటి నుంచి పిల్లల్ని వరసలుగా విడదీయడం మానేశాను. మొదటి మూడు నెలలు అందరూ అన్నీ పరిగెత్తుతారు. ఎవరైనా "నా వల్ల కాదు మేడం" అంటే, పక్కన నేనూ పరిగెత్తుతూ, ఎన్ని వారాలు ప్రయత్నించావని అడుగుతాను.