రేడియస్ రెండు

మైత్రీవనం వెనక సందులో, రెండో అంతస్తు గదిలో పొద్దున్నే లెక్కలు చెప్పేవాణ్ణి. విజయవాడ నుంచి సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుందామని వచ్చి, హాస్టల్ ఖర్చుల కోసం పట్టిన పని అది. బి.టెక్ మొదటి సంవత్సరం లెక్కలు తప్పినవాళ్ళే నా విద్యార్థులు.

వాళ్ళలో ఒకాయన నాకన్నా పదేళ్ళు పెద్ద. పంజాగుట్టలో రేకు వంచి ఏసీ గొట్టాలు చేసి బిగించే పని. సాయంత్రం కాలేజీలో చదువుతూ ఆ పేపర్ రెండుసార్లు తప్పాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనేవాడు.

ఒకరోజు రేడియస్ రెండున్న వృత్తంలో పావు భాగం వైశాల్యం డబుల్ ఇంటెగ్రల్‌తో కట్టమన్నాను. పోలార్ కోఆర్డినేట్లలోకి మార్చాలి. r సున్నా నుంచి రెండు, θ సున్నా నుంచి π/2. ఆయన లిమిట్లు సరిగ్గానే వేశాడు కానీ r dr dθ బదులు dr dθ అని రాశాడు. తప్పని కొట్టేశాను.

"జవాబు π వచ్చింది గదా సార్. మీది సుత గంతే. మరి తప్పెట్లయితది?"

చూస్తే నిజమే, రెండూ π. క్లాసంతా నవ్వింది. "రేపు చెప్తానన్నా" అని తప్పించుకున్నాను.

మధురానగర్ హాస్టల్‌కి నడుస్తుంటే దారిలో వెలిగింది. రేడియస్ a అయితే అసలు వైశాల్యం πa²/4, r మర్చిపోతే వచ్చేది πa/2. ఆ రెండూ కలిసేది a రెండైనప్పుడే! ఉన్న అంకెలన్నిటిలో నేను దాన్నే ఏరుకున్నాను.

మర్నాడు మూడు పెట్టి చేయించాను. r లేకుండా 3π/2, ఉంటే 9π/4. ఆయన నోట్‌బుక్కులో పాత లెక్క తనే కొట్టేశాడు.

"సరే, తప్పే. కానీ గీ r ఎందుకొస్తది సార్?"

జాకోబియన్ అంటూ పుస్తకంలోని సూత్రం మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"జర ఆగుండ్రి. గొట్టం వంపు తిప్పేటప్పుడు లోపలి అంచుకు రేకు తక్కువ, బయటి అంచుకు ఎక్కువ పడ్తది. కోణం ఒక్కటే, దూరం పోయినకొద్దీ పొడుగు పెరుగుతది. చిన్న ముక్క ఒక పక్క dr, ఇంకో పక్క r dθ. గదేనా?"

"అదేనన్నా" అన్నాను. అంత బాగా నాకెవరూ చెప్పలేదు.

ఆ తర్వాత x²+y²=2x వృత్తం ఇచ్చాను. r సున్నా నుంచి రెండు దాకా అని రాయబోయి ఆగాడు. మూలబిందువు నుంచి వేలితో గీత లాగుతూ, వృత్తం దాటేచోట ఆపి, "గీత తిరిగినకొద్దీ గిది మారుతది గదా" అని 2cosθ రాశాడు. θ −π/2 నుంచి π/2. వైశాల్యం π వచ్చింది, ఈసారి న్యాయంగా.

మూడోసారి పాసయ్యాడు. ఫలితాలొచ్చిన పొద్దున మెట్లన్నీ పరిగెత్తుకొచ్చి, క్లాసు మధ్యలోనే నన్ను గట్టిగా కావలించుకున్నాడు. చొక్కానిండా రేకు పొడి. నా చొక్కాకీ అంటింది.