పొట్టిదాని కంచంల గుడ్డు

నేను, మా బావ పెండ్లాం, అంటే నా యారాలు, ఒకేసారి నీళ్లోసుకొని కడుపుతోనున్నం. ఆమె దూలమంత పొడుగు. నేను ఆమె భుజానికి గూడ అందను. మా అత్త దినాం ఆమె కంచంల రెండు గుడ్లు ఏసేది, నాకు ఉత్త చారు పోసేది. "నువ్వు పొట్టిదానివి, బిడ్డ పెద్దగైతే కాన్పు కష్టమైతది" అనేది. యారాలు గుడ్డు కొరుకుతుంటే నాకు కడుపు రగిలిపోయేది.

గోదావరిఖని దవాఖానల డాక్టరమ్మ నా బరువు చూసి అత్తను లోపలికి పిలిచింది. పొట్టిదని తిండి తగ్గించిన్నని అత్త చెప్తే డాక్టరమ్మ ఇట్లన్నది.

"పొట్టోళ్లకు బిడ్డ వచ్చే తుంటి ఎముకల నడుమ దారి ఇరుకుగ ఉండొచ్చు. ఆపరేషన్ పడేది గూడ వీళ్లకే ఎక్కువ. అందుకే నొప్పులు మొదలుకాంగనే తీస్కరా. కాని దారొక్కటే కాదమ్మా. బిడ్డ ఎంతున్నది, తల ఎటు తిరిగింది, నొప్పులు ఎంత గట్టిగొస్తున్నయి, అన్నీ చూడాలె. తిండి తగ్గిస్తే దారి పెద్దగ కాదు, బిడ్డ బలహీనమైతది. చిన్నప్పుడు తిండి సాలకనే చానామంది గిట్ల పొట్టిగ ఉండిపోతరు."

ఆ దినం నుంచి నా కంచంల గూడ గుడ్డు పడ్డది. ఒక్కటే.

నాకు మామూలు కాన్పైంది. యారాలు అంత పొడుగుండి గూడ, బిడ్డ మొకం పైకి తిరిగి తల దిగకపాయె, ఆపరేషన్ జేసిన్రు. నేను లోపల్లోపల సంబురపడ్డ.

తెల్లారి చూస్తే అత్త ఆమె మంచం కాడనే కూసోని గుడ్డు ఒలిచి నోట్ల పెడుతున్నది.

"నీకేంది, మంచిగనే కన్నవు గద" అన్నది నాతోని.

ఆ కుట్లేవో నాకే పడితే బాగుండు అనిపించింది.